స్పర్శరేఖను ఎంతవరకు నమ్మాలి?

x³ − 2x − 5 = 0. ఈ సమీకరణాన్ని 1669లో న్యూటన్ తన పద్ధతికి ఉదాహరణగా తీసుకున్నాడు. 1690లో రాఫ్సన్ దాన్ని సులువు చేశాడు. నేడు మనం నేర్చుకునే రూపం ఇది: ఒక అంచనా దగ్గర వక్రానికి స్పర్శరేఖ గీయాలి, అది x అక్షాన్ని తాకిన చోటును కొత్త అంచనాగా తీసుకోవాలి. అంటే అంచనా నుంచి f(x)/f'(x) తీసివేయడమే. ఇక్కడ f'(x), అంటే వాలు, 3x² − 2.

2తో మొదలుపెడదాం. అక్కడ f విలువ −1, వాలు 10. కాబట్టి తర్వాతి అంచనా 2.1. ఆ తర్వాత 2.094568, మరో అడుగులో 2.0945515. మూడు అడుగుల్లోనే ఏడు దశాంశ స్థానాలు సరిగ్గా వచ్చేశాయి.

అదే 0.82తో మొదలుపెడితే? అక్కడ వాలు 0.0172 మాత్రమే, f విలువేమో −6.09. స్పర్శరేఖ దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది కనుక అక్షాన్ని ఎక్కడో 354.8 దగ్గర తాకుతుంది. ఈ సమీకరణం దయగలది; అంత దూరం పోయినా ఒక్కో అడుగుకు సుమారు మూడోవంతు తగ్గుతూ తిరిగొస్తుంది. అన్నీ ఇలా ఉండవు. arctan(x) = 0కు జవాబు సున్నానే అయినా, 2తో మొదలుపెడితే −3.54, 13.95, −279 అంటూ అంచనాలు అటూ ఇటూ ఎగిరి దూరమైపోతాయి. ఇక్కడ వాలు మొదట సున్నాకు దగ్గరగా కూడా లేదు. అందుకే వాలును ఒక్కదాన్నే కనిపెట్టి ఉంటే చాలదు.

నేను నమ్మే రక్షణ కంచె. మన సమీకరణంలో f విలువ 0 దగ్గర −5, 3 దగ్గర 16. గుర్తు మారింది, వక్రం ఎక్కడా తెగదు, కాబట్టి మూలం ఈ రెండింటి మధ్యే ఉంది. 0.82 దగ్గర f రుణాత్మకం కనుక కంచె 0.82 నుంచి 3కి కుదించుకుంటుంది. స్పర్శరేఖ 354.8 అంటుంది, అది కంచె బయట. దాన్ని పక్కనపెట్టి నడిమి బిందువు 1.91 తీసుకుంటాం. అక్కడి నుంచి మళ్లీ స్పర్శరేఖకే పగ్గాలు: 2.1171, 2.0948, 2.0945515.

ప్రోగ్రామ్ రాసేవారు ఒకటి గమనించాలి. వాలు సరిగ్గా సున్నా అయితే భాగహారమే కుదరదు; ఆ సంగతి ముందే చూసి నేరుగా నడిమి బిందువుకు వెళ్లాలి. అంచనా కంచె లోపలే ఉన్నా కంచె సగానికి తగ్గకుండా కొన్ని అడుగులు గడిస్తే, అప్పుడూ ఒకసారి సగం చేయాలి. ఆగేముందు అడుగు చిన్నదైందా అని మాత్రమే కాదు, f విలువ కూడా సున్నాకు చేరిందా అని చూడండి. మొత్తం అడుగులకు ఒక పరిమితి పెట్టండి.

అయితే (x − 1)² = 0 వంటి చోట వక్రం అక్షాన్ని తాకి వెనక్కి మళ్లుతుంది. గుర్తు మారదు కనుక అక్కడ ఈ కంచె వేయడం సాధ్యం కాదు.