వెనక్కి తిరిగే క్షణం

1896లో లూమియేర్ సోదరులు ఒక గోడను కూలగొట్టే దృశ్యాన్ని చిత్రీకరించారు. ఆ ఫిల్మును వెనక్కి తిప్పి చూపిస్తే కూలిన గోడ దుమ్ములోంచి లేచి నిలబడింది. ప్రేక్షకులు అబ్బురపడ్డారు. అక్కడ కావలసిందీ ఆ అబ్బురమే. 2015లో ఇన్‌స్టాగ్రామ్ తెచ్చిన బూమరాంగ్ కూడా అదే ఆటను అందరి చేతికీ ఇచ్చింది. వేగంగా తీసిన కొన్ని ఫొటోలను గుదిగుచ్చి ముందుకీ వెనక్కీ తిప్పుతుంది. పెళ్లి వీడియోల్లో గ్లాసులు తాకించుకోవడం, ఎగిరి గంతేయడం దానితో తీస్తుంటారు. రెండుసార్లు చూసేసరికి కళ్లు అలసిపోతాయి. ఎందుకంటే అది వెనక్కి నడుస్తున్న వీడియో అని మొదటి తిరుగుడులోనే తెలిసిపోతుంది. అలా తెలియకుండా, నిజంగానే ఆ కదలిక అలా సాగుతోందనిపించేలా చేయడం ఎలాగో ఇక్కడ చెబుతాను.

అట్లతద్దికి చెట్టు కొమ్మకు వేసిన ఉయ్యాలనే తీసుకుందాం. తాడు పొడవు నాలుగు మీటర్లు అనుకుంటే, ఉయ్యాల ఒకసారి వెళ్లి తిరిగి రావడానికి సుమారు నాలుగు సెకన్లు పడుతుంది. వెనక కొస నుంచి ముందు కొసకు రెండు సెకన్లు. సెకనుకు 30 ఫ్రేములతో పక్క నుంచి తీశారనుకోండి. బాగా ఊగుతున్నప్పుడు, అంటే తాడు 30 డిగ్రీల దాకా వాలినప్పుడు, కింది మధ్య బిందువు దగ్గర పాప ఒక్కో ఫ్రేముకు పది సెంటీమీటర్లకు పైగా కదులుతుంది. క్లిప్పును అక్కడ కోసి వెనక్కి తిప్పితే అంత వేగంగా పోతున్న ఉయ్యాల ఒక్క ఫ్రేములో అంతే వేగంతో వెనక్కి మళ్లుతుంది. లోకంలో ఏ ఉయ్యాలా అలా మళ్లదు. చూసేవాళ్లకు లెక్క తెలియకపోయినా కన్ను పట్టేస్తుంది. అదే కొస దగ్గర అయితే వేగం సున్నాకు వస్తుంది. అక్కడి నుంచి మొదటి ఫ్రేములో మూడు మిల్లీమీటర్లు కూడా కదలదు. కాబట్టి ఒక కొస నుంచి మరో కొసకు కచ్చితంగా కోస్తే, వెనక్కి తిప్పిన భాగం దాదాపు అసలు తిరుగు ప్రయాణంలాగే ఉంటుంది.

ఆ కొసలను ఆడుతున్న వీడియోలో అంచనాగా పట్టుకోలేం. ఎడిటింగ్‌లో ఒక్కో ఫ్రేమే జరుపుతూ, చెక్క పీట అంచును నేపథ్యంలో కదలని గుర్తుతో పోల్చి చూడాలి. పీట ఏ ఫ్రేములో అందరికన్నా దూరం వెళ్లిందో అదే కొస.

గంతుకీ ఇదే సూత్రం. ఎక్కువమంది నేలను వదిలిన క్షణం నుంచి మళ్లీ నేలను తాకే దాకా కోస్తారు. ఆ రెండు చోట్లా వేగం ఎక్కువే, అందుకే కుదుపు. మోకాళ్లు బాగా వంచి కిందికి దిగి ఆగిన క్షణం నుంచి, గాలిలో అత్యంత ఎత్తుకు చేరిన క్షణం దాకా కోయండి. రెండు చివర్లా శరీరం క్షణం నిలుస్తుంది.

ఇప్పుడు అతుకు. ముందుకు నడిచే భాగంలో 61 ఫ్రేములు ఉన్నాయనుకుందాం. దాన్నంతా కాపీ చేసి రివర్స్ చేసి పక్కన పెడితే 61వ ఫ్రేము వెంట వెంటనే రెండుసార్లు వస్తుంది. లూప్ తిరిగి మొదలయ్యేటప్పుడు మొదటి ఫ్రేముకూ అదే గతి. ఉయ్యాలలో ఇది అంతగా కనిపించదు, వేగమైన చేతి కదలికల్లో మాత్రం చిన్న తడబాటులా తెలుస్తుంది. రివర్స్ భాగం నుంచి మొదటి, చివరి ఫ్రేములు తీసేయాలి. 61, 59 కలిపి 120 ఫ్రేములు, సరిగ్గా నాలుగు సెకన్లు. కంప్యూటర్‌లో ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ వాడేవాళ్లు ఇలా చేయవచ్చు:

```
ffmpeg -i swing.mp4 -an -filter_complex "[0:v]fps=30,split[a][b];[b]reverse,trim=start_frame=1:end_frame=60,setpts=PTS-STARTPTS[r];[a][r]concat=n=2:v=1" loop.mp4
```

ముందే రెండు కొసల మధ్య కోసుకున్న 61 ఫ్రేముల క్లిప్పుకే ఈ లెక్క. `fps=30` అవసరం, ఎందుకంటే ఫోన్లు తీసే వీడియోలో ఫ్రేముల మధ్య వ్యవధి ఒక్కోసారి సమానంగా ఉండదు. `reverse` క్లిప్పు మొత్తాన్నీ మెమరీలోకి ఎత్తుకుంటుంది. పొడవాటి వీడియో ఇస్తే కంప్యూటర్ మొరాయిస్తుంది.

కొసలు కుదిరాక కూడా ఏదో తేడా కొడుతూ ఉంటే జుట్టు చూడండి. పాప ముందుకు ఊగినప్పుడు విరబోసిన జుట్టు వెనక్కి ఎగురుతుంది. రివర్స్ భాగంలో పాప వెనక్కి పోతున్నా జుట్టు వెనక్కే ఎగురుతూ, తనకన్నా ముందు పరుగెడుతున్నట్టు ఉంటుంది. నిజమైన తిరుగు ఊపులో అది ముఖం మీదికి రావాలి. పరికిణీ అంచు, ఓణీ చెంగు, ఊపు కోసం చాచే కాళ్లు, అన్నిటికీ ఇదే చిక్కు. ఈ తప్పును ఎడిటింగ్‌లో దిద్దడం చాలా కష్టం, తీసేటప్పుడే చూసుకోవాలి. జడ వేసి, కాళ్లు కదపకుండా కూర్చోబెట్టి, తోసేవాళ్లు పక్కకు తప్పుకున్నాక మెల్లగా ఊగుతున్న ఊపునే తీసుకోండి. తోసే చేయి ఫ్రేములో ఉంటే అది లాగే చేయిగా మారుతుంది. వెనకాల ఎవరైనా నడుస్తున్నా కథ అక్కడితో ముగిసినట్టే. కెమెరాను స్టాండ్ మీద పెట్టి, ఫోకస్‌నూ వెలుతురునూ లాక్ చేయండి. లేకపోతే వెలుగు కూడా ఊపిరి తీసినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

కదలిక తనంతట తాను ఆగని చోట ఏం చేయాలి? కూచిపూడి నర్తకి చేయి విసురు మధ్యలోనే తిరగాలనుకోండి. అప్పుడు ఆగడాన్ని మనమే కల్పించాలి. సెకనుకు 120 ఫ్రేములతో తీసి, 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో పెట్టండి. చివరి పావు సెకనులో, అలాగే మొదట్లోనూ, వేగాన్ని వంపుగా పావు వంతుకు తగ్గించండి. అంతవరకూ ప్రతి ఫ్రేమూ కెమెరా నిజంగా చూసినదే. 30 ఫ్రేములతో తీసి తర్వాత నెమ్మది చేస్తే, మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది, వేళ్ల చుట్టూ, గాజుల అంచుల్లో ద్రవంలా వంకరలు కనిపిస్తాయి. వేగం సర్దడం పూర్తయ్యాకే ఆ క్లిప్పును ఒక్కటిగా చేసి, దాని కాపీని రివర్స్ చేయాలి. అప్పుడు రెండు వైపులా వంపు అద్దంలో ప్రతిబింబంలా సరిపోతుంది. ముందు రివర్స్ చేసి తర్వాత ఒక్కో ముక్కకూ విడిగా వేగం సర్దితే అవి ఎప్పటికీ కలవవు. 120 ఫ్రేములతో తీస్తే కదలికలో మసక తక్కువ కాబట్టి మామూలు వేగంలో కాస్త బిరుసుగా కనిపించవచ్చు. ఆ ఇబ్బంది ఒప్పుకోదగ్గదే.

శబ్దాన్ని మాత్రం ఎప్పుడూ తిప్పకండి. వెనక్కి నడిచే మాట ఒక్క క్షణం వినబడినా గుట్టు బయటపడుతుంది. అసలు ధ్వనిని తీసేసి, అక్కడే విడిగా రికార్డు చేసిన పక్షుల కూతలో తాళ్ల కిర్రుమనే చప్పుడో ముందుకే నడిచేలా కింద వేయండి. కిర్రు వినిపించే చోటు ఊపుతో సరిపోవాలి.

పూర్తయ్యాక లూప్‌ను ఆపకుండా ఆడించి, మనిషి మీద నుంచి చూపు తప్పించి నేపథ్యాన్నీ బట్టల అంచులనూ చూడండి. తెలియనివాళ్లకు చూపించి ‘ఏమైనా తేడాగా ఉందా’ అని అడగండి. వాళ్లు వేలు పెట్టి చూపించే చోటు చాలాసార్లు తిరుగుడు ఫ్రేమో, ఎగిరే గుడ్డో అవుతుంది.

పొగ, ఒలికే నీళ్లు, రాలే పూరేకులు, నడిచే మనిషి ఉన్న క్లిప్పును మాత్రం వెనక్కి తిప్పకండి. వాటికి ఎంత సర్దినా సహజత్వం రాదు. లూప్ కావాలంటే ముందుకే నడిపి, చివరను మొదటితో మెల్లగా కలిపేయండి.