కుక్కర్ విజిల్ వేయకపోతే...

పాత్రల కొట్లో కుక్కర్ అడిగితే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: మామూలు అల్యూమినియమా, హార్డ్ ఆనోడైజ్డ్ నల్లదా, స్టీలా? ధరలో తేడా చెబుతారు, ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉందా అని అడుగుతారు. కుక్కర్లో గిన్నెలు పెట్టి వండుతారా, నేరుగా పప్పూ నీళ్లూ పోసి వండుతారా అని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి ఏ లోహం కొనాలో తేల్చేది ఆ సంగతే.

అల్యూమినియం గొప్పతనం వేడిని పంచడంలో ఉంది. స్టీలు కంటే పది రెట్లకు పైగా వేగంగా వేడిని పాకిస్తుంది. మంట అడుగున ఒక్క చోటే తగిలినా ఆ వేడి గోడలదాకా వెళ్లిపోతుంది కాబట్టి పప్పు అడుగంటడం తక్కువ. తేలిక, చవక కూడా. దాని బలహీనత పులుపు దగ్గరా క్షారం దగ్గరా బయటపడుతుంది.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో కొత్త అల్యూమినియం కుక్కర్ లోపల నాలుగు రోజులకే నల్లబడడం చాలామంది చూసే ఉంటారు. నీటిలోని క్షారగుణం, ఖనిజాలు లోహంతో కలిసి తెచ్చే మార్పు అది. అందుకే గిన్నెల కింద పోసే నీళ్లలో నిమ్మతొక్కో, కాస్త చింతపండో వేస్తారు. ఆ పులుపు నలుపును పట్టనివ్వదు. ఇక్కడ కరిగిన కొంచెం లోహం అడుగు నీళ్లలోనే ఉండిపోతుంది. గిన్నెలోని అన్నంలోకి రాదు, ఆ నీళ్లు ఎలాగూ పారబోస్తాం. అదే కుక్కర్లో నేరుగా పప్పుచారో, టమాటా పప్పో కాస్తే ఆ పులుపు చేసే పని కూరలోనే జరుగుతుంది. ఒక్కపూట వంటలో దిగేది కొంచెమే. వండినదాన్ని రాత్రంతా అందులోనే వదిలేస్తే అది పెరుగుతుంది. పులుపు ఉన్న పచ్చళ్లు, సాంబారు వంటివి అల్యూమినియం పాత్రల్లో నిలవ ఉంచడం మంచిది కాదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది.

నల్ల కుక్కర్ కూడా అల్యూమినియమే. దాన్ని చల్లని ఆమ్ల ద్రావణంలో ఉంచి కరెంటు పంపితే పైపొర గట్టి ఆక్సైడుగా మారుతుంది. ఇది నాన్‌స్టిక్ పూతలా మీద పూసింది కాదు, లోహంలోంచే పుట్టిన పొర. అందువల్ల పెచ్చులుగా ఊడిపోదు, పులుపుకు లొంగదు. వేడిని పాకించే గుణమేమో అల్యూమినియందే. దీని శత్రువు క్షారం. చాకలి సోడా, పాత్రలు కడిగే మెషీన్లలో వాడే ఘాటు పొడులు ఆ పొరను మెల్లగా తినేస్తాయి. నలుపు వెలిసి లోపల తెల్లటి మచ్చలు కనిపించాయంటే అక్కడ పొర పోయి మామూలు అల్యూమినియం బయటపడిందన్నమాట. అప్పటినుంచి దాన్ని మామూలు అల్యూమినియం కుక్కర్‌గానే చూసుకోవాలి.

స్టీలుకు పులుపుతోనూ క్షారంతోనూ పేచీ లేదు. రాత్రి వండిన సాంబారు తెల్లారేదాకా ఉన్నా ఫరవాలేదు. కింద పడినా అంత తేలిగ్గా సొట్టపోదు. చిక్కు వేడి దగ్గరే. అందుకే మంచి స్టీలు కుక్కర్ల అడుగున రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం బిళ్ల పెడతారు. బిళ్ల ఉన్న మేర వేడి సమంగా పరుచుకుంటుంది. బిళ్ల గోడదాకా రాకుండా ఆగిపోతే, పెద్ద మంట మీద ఆ అంచు దగ్గర చుట్టూ పప్పు మాడుతుంది. స్టీలులో నేరుగా వండేవాళ్లు ఆవిరి పట్టాక మంట తగ్గించడం అలవాటు చేసుకోవాలి. ఇండక్షన్ సంగతి తేల్చుకోవడానికి ఒక అయస్కాంతం చాలు. అడుగుకు అతుక్కుంటే పనిచేస్తుంది. అల్యూమినియం కుక్కరైనా నల్లదైనా అడుగున ఇనుము జాతి పలక అతికించినదైతేనే ఇండక్షన్ మీద వేడెక్కుతుంది.

కాబట్టి గిన్నెల్లోనే వండే ఇంటికి మామూలు అల్యూమినియం సరిపోతుంది. పులుపు వంటలు నేరుగా వండేవాళ్లకు నల్లదో స్టీలో కావాలి. భద్రత విషయానికొస్తే మాత్రం మూడూ ఒకటే, ఎందుకంటే ప్రమాదం గోడలో లేదు, మూతలో ఉంది.

మూత మీద పడే ఒత్తిడి ఎంతో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. మన కుక్కర్లు సుమారుగా చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి దగ్గర పనిచేస్తాయి. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల దగ్గర కాక 120 దగ్గర మరుగుతుంది, పప్పు త్వరగా ఉడకడానికి కారణం అదే. మూత అడ్డుకొలత 20 సెంటీమీటర్లయితే వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. అంటే లోపలినుంచి మూతను 314 కిలోల బలం పైకి తోస్తోంది. పన్నెండు బియ్యం బస్తాల బరువు అది. ఆవిరి దిగకముందే పిడి బలవంతంగా తిప్పితే ఏమవుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఒత్తిడిని కిలో దగ్గర ఆపేది విజిలే. అది కూత పెట్టే పరికరం మాత్రమే కాదు, తూకపు రాయి కూడా. అది కూర్చునే గొట్టం రంధ్రం 3 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం 0.07 చదరపు సెంటీమీటరు. కిలో ఒత్తిడి దగ్గర ఆవిరి ఆ రంధ్రంలోంచి 70 గ్రాముల బరువును లేపగలదు. విజిల్ బరువు 70 గ్రాములైతే సరిగ్గా అక్కడే లేచి ఆవిరిని వదులుతుంది. ఇప్పుడు ఇదే విజిల్‌ని 2 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఇంకో కుక్కర్ మీద పెట్టండి. రంధ్రం వైశాల్యం సగానికంటే తగ్గిపోయింది, బరువు మారలేదు. అది లేవాలంటే ఒత్తిడి రెండు కిలోలు దాటాలి. ఒక కంపెనీ విజిల్‌ని ఇంకో కంపెనీ కుక్కర్‌కు తగిలించకూడదనేది అమ్మకాల కోసం చెప్పే మాట కాదని ఈ లెక్క చెబుతుంది.

మూతకూ పాత్రకూ మధ్య ఆవిరిని ఆపేది గాస్కెట్, ఇళ్లలో కుక్కర్ రబ్బరు అంటాం. వేడికి అది ఏడాది తిరిగేసరికి గట్టిపడుతుంది. నూనె తగిలితే ఉబ్బి సాగుతుంది. మూత గాడిలో వదులుగా జారుతున్నా, వంచితే సన్నటి పగుళ్లు కనిపించినా, మూత మునుపటికంటే మరీ తేలిగ్గా తిరుగుతున్నా దాని పని అయిపోయిందని గుర్తు. సాగిన రబ్బరును కాసేపు చల్లటి నీళ్లలోనో ఫ్రిజ్‌లోనో పెడితే బిగుస్తుంది, కానీ అది ఆ పూటకు గట్టెక్కించే చిట్కా మాత్రమే. మూత చుట్టూ పిండి ముద్ద పెట్టి ఆవిరిని ఆపడం చిట్కా కూడా కాదు. చాలా కుక్కర్లలో మూత అంచున చిన్న కిటికీ లాంటి ఖాళీ ఉంటుంది. ఒత్తిడి హద్దు మీరితే రబ్బరు అక్కడినుంచి బయటికి పొంగి ఆవిరికి దారి ఇవ్వాలి. ఆ దారిని పిండి మూసేస్తుంది. కొత్త రబ్బరు వేసినా పక్కలనుంచి ఆవిరి పోతుంటే తప్పు పాత్ర అంచుది. అల్యూమినియం కుక్కర్ కింద పడితే మూతి గుండ్రం తప్పుతుంది. ఎన్ని రబ్బర్లు మార్చినా దానికి మందు లేదు.

చివరి కాపలా సేఫ్టీ వాల్వ్. మూత మీద చిన్న బిళ్లలా కనిపించే దీని మధ్యలో తక్కువ వేడికే కరిగే మిశ్రమలోహం ఉంటుంది. నీరున్నంతసేపూ, ఒత్తిడి అదుపులో ఉన్నంతసేపూ లోపల 120 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఒత్తిడి రెట్టింపైతే వేడి సుమారు 133కు చేరుతుంది. నీళ్లు పూర్తిగా ఇంకిపోతే ఇంక దానికి పైమితే లేదు. ఈ రెంటిలో ఏది జరిగినా లోహం కరిగి ఆవిరి బయటపడుతుంది.

ఇవన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో, ఎలా పనిచేయకుండా పోతాయో చూడాలంటే కందిపప్పు వండడమే మంచి ఉదాహరణ. ఐదు లీటర్ల కుక్కర్లో నేరుగా పప్పూ నీళ్లూ ముప్పావు వంతు పోశారు. ఉడికేటప్పుడు పప్పు నురగ కక్కుతుంది, ఆ నురగతో పొట్టు పైకి లేచి విజిల్ గొట్టంలో ఇరుక్కుంటుంది. పది నిమిషాలైనా విజిల్ రాదు. ఇక్కడే ఆగి మూత అంచులు చూడాలి. పక్కలనుంచి ఆవిరి బుసకొడుతూ, నీటి చుక్కలు కారుతుంటే అది రబ్బరు తప్పు. వంట ఆలస్యమవుతుంది, నీళ్లు ఇంకి మాడుతుంది, అంతే. పొయ్యి మంట బాగానే ఉండి, ఎప్పుడూ విజిల్ వచ్చే సమయం దాటిపోయి, ఎక్కడినుంచీ ఆవిరి రాకపోతే అది గొట్టం మూసుకుపోయిన నిశ్శబ్దం. భయపడాల్సింది దీనికే. వెంటనే పొయ్యి ఆపేయాలి. మూత తిప్పకూడదు, గరిటెతో విజిల్ కెలకకూడదు. పూర్తిగా చల్లారాకే చెయ్యి వేయాలి.

దీనికి మందు ముందే ఉంది. పప్పులు నేరుగా వండితే సగానికి మించి పోయకూడదు. మూత పెట్టేముందు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూడాలి, అవతలి వెలుగు కనిపించాలి. కనిపించకపోతే సన్నటి తీగతో పొడిచి కడగాలి.

సేఫ్టీ వాల్వ్ ఒకసారి పోయిందంటే దాన్ని బాగుచేయడమనేది లేదు. రంధ్రంలో సీసం పోయించడం, మర బోల్టు బిగించడం అంటే ఆ చివరి కాపలాను తీసేయడమే. అదే మోడల్‌కు చెందిన కొత్తది వేయించాలి. మన దేశంలో 2021 ఫిబ్రవరి నుంచి ఇంటి కుక్కర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు, కుక్కర్ కొనేటప్పుడు అది చూడండి. కొత్త వాల్వ్ వేయించాక కూడా మళ్లీ పోతుంటే వాల్వ్‌ని తిట్టుకోకండి. గొట్టం మూసుకుపోతోందో, నీళ్లు తక్కువ పోస్తున్నారో, మరో కుక్కర్ విజిల్ దీనిమీదికి వచ్చిందో చూడండి. ఆ కారణం తేలేదాకా కుక్కర్ని పొయ్యి ఎక్కించకపోవడమే మంచిది.