తొక్కు డబ్బా తప్పుగాదు.. దాచుడే తప్పు

మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లల్ల ఉండే మన పిల్లలకు ఎవరికన్నా అమెరికా వీసా వచ్చిందంటే, ఊరికాడ అమ్మ మొదలుపెట్టే పని ఒక్కటే. తొక్కు కలుపుడు, సకినాలు చుట్టుడు. ఆ కష్టమంతా విమానాశ్రయంల చెత్తబుట్ట పాలు కావద్దంటే, ఏది ఎక్కడ ఆగుతదో ముందే తెల్వాలె.

ఒక పిలగాడు శంషాబాద్‌ల విమానమెక్కి, దుబాయ్ మీదికెల్లి డల్లాస్ పోతున్నడు అనుకుందాం. అమ్మ కట్టిన సంచిల మామిడికాయ తొక్కు, నాటుకోడి తొక్కు, సకినాలు, నువ్వుల లడ్డూలు, పాలకోవ, కరివేపాకు, నాలుగు కుడుకలు, రెండు కిలోల బియ్యం ఉన్నయి.

మొదటి గండం శంషాబాద్‌లనే. తొక్కు డబ్బా చేతిసంచిల పెట్టుకుంటే సెక్యూరిటీ కాడ ఆపుతరు. నూనె, రసం ఉన్న తొక్కును వాళ్లు ద్రవం కింద లెక్కగడ్తరు. విదేశీ ప్రయాణంల 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం డబ్బాను చేతిసంచిల రానియ్యరు. దుబాయ్‌ల విమానం మారేటప్పుడు మళ్ల స్కానింగ్ ఉంటది. అందుకే తొక్కు పెద్ద సూట్‌కేసుల పెట్టి చెక్-ఇన్ చేసుడే మంచిది.

అయితే కుడుకలు మాత్రం చెక్-ఇన్‌ల పెట్టొద్దు. ఎండు కొబ్బరిల నూనె ఎక్కువ, అది దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంటది. అందుకే 2022ల మన దేశ విమాన భద్రతా శాఖ దాన్ని చెక్-ఇన్ సామాన్ల నిషేధించిన జాబితాల చేర్చింది. ఒడిబియ్యంల పోసిన కుడుకలైనా సరే, ఇంటికాడనే ఇడిసిపోవాలె.

ఇగ ప్యాకింగ్. విమానం పైకి పోయినంక లోపల గాలి ఒత్తిడి తగ్గుతది. డబ్బాల మిగిలిన గాలి ఉబ్బి నూనెను బయటికి తోస్తది. బట్టలన్నీ ఎర్రగయ్యేది గందుకే. కూకట్‌పల్లి, అమీర్‌పేట తొక్కుల దుకాణాలల్ల గాలి తీసేసి ప్యాక్ చేస్తరు. ఇంట్ల పెట్టిన తొక్కునైనా అట్ల ప్యాక్ చేయించుకోని, పైన ఇంగ్లీషుల పేరు, వేసిన సరుకులు రాసి అతికిస్తే, తనిఖీ చేసేటాయనకు తొందరగ సమజైతది.

అసలు పరీక్ష డల్లాస్‌ల. అక్కడి కస్టమ్స్ వాళ్ల భయం మన తిండి మీద గాదు, తిండితోని వచ్చే రోగాలు, పురుగుల మీద. మన పశువులకు వచ్చే గాలికుంటు రోగం ఊర్లె అందరికీ ఎరికే. అది వాళ్ల మందలకు అంటుతదని మన దేశపు మాంసం, పాల వస్తువుల మీద గట్టి ఆంక్షలు పెట్టిర్రు. కోళ్లకైతే బర్డ్ ఫ్లూ భయం. గందుకే నాటుకోడి తొక్కు, మటన్ తొక్కు ఎంత ఉడికినా, ఎంత నూనెల మునిగినా గుంజుకుంటరు. పాలకోవది కూడ నమ్మకం లేని కథే.

పచ్చి కరివేపాకుకు వేరే కారణం. నారింజ, నిమ్మ చెట్లను ఎండబెట్టే రోగాన్ని మోసే చిన్న పురుగు కరివేపాకు మీద కూడ బతుకుతది. బియ్యంల ఖప్రా అనే పురుగు వస్తదని, మన దేశంకెల్లి ప్రయాణికులు తెచ్చే బియ్యాన్ని 2011 నుంచే ఆపుతున్నరు.

ఇగ మిగిలినయి మామిడికాయ తొక్కు, సకినాలు, నువ్వుల లడ్డూలు. ఇవి వండినయి, మాంసం లేదు, పాలు లేవు. మామూలుగ రానిస్తరు. ఆఖరి మాట మాత్రం ముంగట నిలబడ్డ ఆఫీసరుదే.

మనోళ్లు తప్పుజేసేది ఇక్కడనే. "తిండి ఏమన్నా తెచ్చినవా?" అని ఆఫీసర్ అడిగితే భయపడి "లేదు" అంటరు. స్కానింగ్‌ల డబ్బా కనవడ్తది, వాసన పట్టే కుక్కలు కూడ ఉంటయి. చెప్పకుండ తెచ్చిన నిషేధ వస్తువు దొరికితే, మొదటిసారికే వెయ్యి డాలర్ల దాక జరిమానా వేయొచ్చు. అదే "ఉంది సార్, వెజిటేరియన్ పికిల్, స్నాక్స్, స్వీట్స్" అని ముందే చెప్తే, వద్దన్నది తీసి పడేస్తరు గని జరిమానా వెయ్యరు. ఒక డబ్బా పోతది, గంతే.

అందుకే సంచి కట్టేముందు అమ్మకు చెప్పుర్రి: నాటుకోడి తొక్కు పోయేముందటి రోజు ఇంటికాడనే కడుపునిండ తింట, నాకు మామిడికాయ తొక్కే కట్టు అని.