అప్లై నొక్కే ముందు ఒక మెయిల్

హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేసే నా స్నేహితురాలు ఒక శుక్రవారం సాయంత్రం కంపెనీ పోర్టల్‌లో ఐజేపీ చూసి అప్లై నొక్కేసింది. ఐజేపీ అంటే లోపలి ఉద్యోగుల కోసం ప్రకటించే ఖాళీ. సోమవారం పొద్దున మీటింగ్ అవగానే మేనేజర్ అడిగారు: "ఏంటి, వేరే టీమ్‌కి వెళ్తున్నావంటగా?" అప్లై నొక్కగానే మేనేజర్‌కు దానంతటదే మెయిల్ వెళ్లే పోర్టల్ అది. బదిలీ అడిగినందుకు కాదు, ఆ సంగతి పోర్టల్ చెబితే తెలిసినందుకు ఆయనకు మనసు కష్టమైంది.

ఈ కబురు కొన్ని కంపెనీల్లో అప్లై చేసినప్పుడే వెళ్తుంది, కొన్నిట్లో షార్ట్‌లిస్ట్ అయ్యాక, మరికొన్నిట్లో ఎంపికయ్యాక. అందుకే ముందుగా రిక్రూటర్‌కు ఒక మెయిల్ రాసి కనుక్కోవాలి. ఆమె రెండోసారి రాసిన మెయిల్ సారాంశం ఇదీ:

"ఇప్పటి ప్రాజెక్టులో చేరి 18 నెలలైంది. టెస్టింగ్‌తో పాటు ఎస్‌క్యూఎల్, పైథాన్‌తో డేటా సరిచూసే పని చేస్తున్నాను. డేటా ఇంజినీర్ ఖాళీకి ఈ కాలం సరిపోతుందా? మేనేజర్‌కు ఏ దశలో సమాచారం వెళ్తుంది? ఆయనతో ఇంకా మాట్లాడలేదు. ఇంటర్వ్యూ ఖాయమైతే ముందే నేనే చెబుతాను. అప్పటిదాకా ఈ విషయం మీ దగ్గరే ఉంచగలరా?"

అసలు కిటుకు చివరి మాటల్లో ఉంది. రిక్రూటర్ కూడా కంపెనీ మనిషే. ఎవరికీ చెప్పొద్దంటే మాటివ్వలేరు కానీ, ఫలానా రోజుదాకా ఆగమంటే చాలామంది ఆగుతారు.

ఇక్కడ ఎదుగుదల లేదనో, మేనేజర్ పట్టించుకోరనో ఆమె రాయలేదు. రేపు అభిప్రాయం కోసం రిక్రూటర్ ఫోన్ చేసేది ఆ మేనేజర్‌కే. మెయిల్ ఫార్వర్డ్ కావడానికి ఒక్క క్లిక్ చాలు. ఒకటో తారీఖుకల్లా చేరిపోతానని కూడా రాయలేదు. క్లయింట్‌కు బిల్లింగ్‌లో ఉన్న మనిషిని ఎప్పుడు వదలాలో తేల్చేది మేనేజరే. ఆయన్ని అడక్కుండా తేదీ ఇచ్చేస్తే ఆయన చేతులు కట్టేసినట్టే.

క్యాలెండర్‌తోనూ జాగ్రత్త. మెయిల్ ఎంత ఒద్దికగా రాసినా, రిక్రూటర్ పంపే ఇన్వైట్‌కు 'ఇంటర్వ్యూ' అని పేరుంటే, టీమ్ అంతా చూసే క్యాలెండర్‌లో అది కనబడిపోతుంది. ప్రైవేట్‌గా పెట్టమని అడగాలి.

ఇంటర్వ్యూ ఖాయం కాగానే ఆమె మేనేజర్‌ను విడిగా కలిసింది. అప్పటికి రిలీజ్ వారం దాటిపోయింది. విషయం విన్న ఆయన అడిగింది ఒక్కటే: "మరి రిగ్రెషన్ టెస్టులు ఎవరు చూస్తారు?" ఆమె ఇద్దరి పేర్లు చెప్పి, ఎవరికి ఏ వారం ఏం నేర్పాలో రాసుకొచ్చిన కాగితం ఆయన ముందు పెట్టింది.