నానిన కాఫీ, దిగిన కాఫీ

చికోరీ కలపని కాఫీ పొడి 30 గ్రాములు స్టీలు ఫిల్టరు పై గిన్నెలో వేసి, కాగిన నీళ్లు 150 గ్రాములు పోయండి. అదే పొడి మరో 30 గ్రాములు మూతున్న గిన్నెలో వేసి, అన్నే నీళ్లు పోసి, ఒకసారి కలిపి మూత పెట్టండి. పది నిమిషాలయ్యాక దాన్ని ఇంకో ఫిల్టరులో పోసి వడకట్టండి. పొడి ఒకటే, నీళ్లు ఒకటే, జల్లెడ కూడా ఒకటే. వచ్చే డికాషన్ కూడా కొలతకి రెండింట్లో ఇంచుమించు ఒకటే, సుమారు 90 గ్రాములు. మిగతా 60 గ్రాముల నీళ్లు పిప్పి పీల్చుకుంటుంది. అయినా పాలు కలిపేసరికి రెండూ రెండు కాఫీలు. ఫిల్టరులో దిగినది పాలను తట్టుకుని నిలబడుతుంది. నానబెట్టినది పాలలో పడి మెత్తబడిపోతుంది.

కాఫీ వాళ్ల భాషలో నానబెట్టడం ఇమ్మర్షన్, పొడి గుండా నీళ్లు దిగేలా చెయ్యడం పర్కొలేషన్. ఫ్రెంచ్ ప్రెస్సు మొదటి రకం. మన ఫిల్టరు, కాగితపు గరాటులో పోసే పోరోవర్ రెండో రకం.

తేడా ఎక్కడుందో తెలియాలంటే గ్లాసులోకి వచ్చినదాన్ని కాదు, పిప్పిలో ఉండిపోయినదాన్ని చూడాలి. వేయించిన కాఫీ గింజలో నీటికి లొంగి కరిగే పదార్థం దాదాపు 30 శాతం దాకా ఉంటుంది. అదంతా బయటికి రాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో విలియం రిస్టెన్‌పార్ట్ బృందం 2021లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పొడిని పూర్తిగా నానబెట్టినప్పుడు కరిగి వచ్చే వంతు 21 శాతం దగ్గర ఆగిపోతుంది. నీళ్లు ఎక్కువ పోస్తే కాఫీ పలచనవుతుంది, తక్కువ పోస్తే చిక్కనవుతుంది, కానీ పొడి ఇచ్చే వంతు పెద్దగా మారదు. గింజలో ఉన్న రసమూ చుట్టూ ఉన్న నీళ్లూ ఒక సమతూకానికి వచ్చేశాక ఇక కదలిక ఉండదు. అందుకే నానబెట్టిన కాఫీని పది నిమిషాలు ఉంచినా పదిహేను నిమిషాలు ఉంచినా రుచిలో పెద్ద తేడా రాదు.

లెక్కకి వీలుగా అయిదో వంతు కరిగిందనుకుందాం. 30 గ్రాముల పొడిలోంచి 6 గ్రాములు నీళ్లలోకి వచ్చాయి. గిన్నెలో కలిపి నానబెట్టాం కాబట్టి ఆ 6 గ్రాములూ 150 గ్రాముల నీళ్లలో సమంగా పరుచుకుని ఉంటాయి. పిప్పి పీల్చుకున్న 60 గ్రాములు కూడా అదే చిక్కదనం ఉన్న కాఫీ. అంటే అయిదింట రెండు వంతులు, సుమారు 2.4 గ్రాముల సారం, పిప్పితో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. మన గ్లాసులోకి వచ్చేది 3.6 గ్రాములు.

ఫిల్టరులో అలా జరగదు. మొదట దిగిన నీళ్లు చాలావరకు సారం పట్టుకుని కిందికి వెళ్లిపోతాయి. వెనకాల వచ్చిన నీళ్లు మిగిలినదాన్ని తోసుకుంటూ దిగుతాయి. చివరికి పిప్పిలో ఆగిపోయే 60 గ్రాములు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన పలచని నీళ్లు. అందులో ఒక గ్రాము సారం చిక్కుకుందనుకున్నా 5 గ్రాములు కిందికి వచ్చినట్టే. అవే 90 గ్రాముల డికాషన్‌లో 3.6కి బదులు 5 ఉంటే పాలలో తేలకుండా ఎలా ఉంటుంది? సబ్బు బట్టను ఒకే బకెట్టులో జాడించి తీయడానికీ, కుళాయి ధార కింద పట్టుకోవడానికీ ఉన్న తేడా ఇదే. బకెట్టులోంచి తీసిన బట్ట సబ్బునీళ్లతోనే బయటికి వస్తుంది.

ఈ లెక్కకి ఒక హద్దుంది. ఇంత తక్కువ నీళ్లతో ఫిల్టరు ప్రతి గింజనూ పూర్తిగా కడగలేదు. పొడి అడుగున ఉన్న పొరకి చేరేది పైన ఇప్పటికే బరువెక్కిన నీళ్లే, అందుకని అక్కడ కరగడం మందగిస్తుంది. చికోరీ కలిస్తే లెక్క ఇంకా మారుతుంది. చికోరీ కాఫీ కన్నా చాలా ఎక్కువగా కరుగుతుంది, పైగా నీళ్లను పట్టి ఉంచి దిగుడును నెమ్మది చేస్తుంది. ఇక 15 గ్రాముల పొడికి 250 గ్రాముల నీళ్లు పోసి, పాలు లేకుండా తాగే పలచని కాఫీలో పిప్పి తాగేది ఎనిమిదో వంతే. అక్కడ చిక్కదనంలో తేడా చాలా తగ్గుతుంది. పాలకాఫీ ఇళ్లలో ఫిల్టరు పాతుకుపోవడానికి ఈ లెక్క కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

అయితే చిక్కదనం ఒక్కటే కాదు. చిక్కనిదానికి వేన్నీళ్లు కలిపి రెండింటినీ సమం చేసి తాగినా నాలుక తేడా పడుతుంది. ఫిల్టరు కింద మూడు చిన్న గ్లాసులు మార్చి మార్చి పెట్టి, మొదట దిగినది, మధ్యలోది, చివరిది విడివిడిగా రుచి చూడండి. మొదటిది నల్లగా, పుల్లగా, గాఢంగా ఉంటుంది, ఎందుకంటే ఆమ్లాలు, తేలిగ్గా కరిగేవి ముందు వచ్చేస్తాయి. చివరిది పలచన, వగరు, ఎండు చేదు. కింద గిన్నెలో ఉన్నది ఈ మూడింటి కలయిక. పొడి పై పొరను ఎప్పుడూ తాజా నీళ్లు కడుగుతూ ఉంటాయి గనక అది బద్ధకంగా కరిగే చేదును కూడా వదిలేస్తుంది, అడుగు పొర అంత దూరం రాదు. అంటే ఒకే గ్లాసులో ఎక్కువ కరిగిన కాఫీ, తక్కువ కరిగిన కాఫీ రెండూ ఉంటాయి. రుచికి అంచులు వచ్చేది అందుకే. నానబెట్టినప్పుడు గింజలన్నిటి చుట్టూ ఒకే నీళ్లు. ఆ నీళ్లు బరువెక్కేకొద్దీ లాగే శక్తి తగ్గుతుంది. రుచి గుండ్రంగా, సాఫీగా ఉంటుంది, కాస్త మందకొడిగా కూడా. మంచి అరకు కాఫీని పాలు లేకుండా తాగాలంటే నా ఓటు నానబెట్టడానికే.

ఫ్రెంచ్ ప్రెస్సు కాఫీలో నోటికి తగిలే మడ్డి, నూనె జిడ్డు మాత్రం నానబెట్టడం వల్ల వచ్చినవి కావు. అవి లోహపు జల్లెడ వదిలేసినవి. నానబెట్టిన కాఫీనే కాగితంలో వడకడితే అవి చాలావరకు పోతాయి. అందుకే పై ప్రయోగంలో రెండింటికీ ఒకే రకం ఫిల్టరు వాడమన్నాను.

నానబెట్టడంలో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. దిగే కాఫీకి ప్రమాదం దారిలో ఉంది. పొడి ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా ఉంటే నీళ్లు పల్లం వైపు కాలవ తవ్వుకుని జారిపోతాయి. ఆ దారిలో ఉన్న పొడి అతిగా కరుగుతుంది, మిగతాది తడిసి ఊరుకుంటుంది. గుర్తుపట్టడం సులువే. డికాషన్ మామూలు కన్నా తొందరగా దిగుతుంది, రంగు లేతగా ఉంటుంది, ఒకేసారి పుల్లగానూ చేదుగానూ ఉంటుంది. పిప్పి తీసి చూస్తే ఒక చోట గుంట కనిపిస్తుంది. పొడిని సమంగా పరిచి, చిల్లుల బిళ్ల తేలిగ్గా ఆనించి, మొదట పొడి తడిసేంత నీళ్లు పోసి అర నిమిషం ఆగి మిగతావి పోస్తే ఇది చాలావరకు తప్పుతుంది. బిళ్లను గట్టిగా నొక్కితే అసలే దిగదు.

ఫిల్టర్లు లేని ఇళ్లలో పొడిని మరిగే నీళ్లలో వేసి, దించి, పల్చని గుడ్డలో వడపోసి గట్టిగా పిండేవాళ్లు. పిప్పిలో ఇరుక్కున్న 2.4 గ్రాముల్లో కొంత వెనక్కి రాబట్టే మార్గం అదే. కాకపోతే పిండినప్పుడు మెత్తటి మడ్డి కూడా గుడ్డలోంచి దూరి వస్తుంది. పిండటం ఇష్టం లేకపోతే నానబెట్టిన పిప్పి మీదే కొంచెం వేన్నీళ్లు పోసి రెండో డికాషన్ తియ్యండి. ఫిల్టరులో మామూలుగా తీసే రెండో డికాషన్ కన్నా ఇది చిక్కగా దిగుతుంది.