పెళ్ళి పిలుపుకు మైల అడ్డొచ్చినప్పుడు

మా మామగారు పోయిన ఆరో రోజున, మా వారితో పాత బ్రాంచిలో పనిచేసిన ఒకాయన భార్య ఫోను చేశారు. "వదినగారూ, పాప పెళ్ళి కుదిరింది. సాయంత్రం బొట్టు పెట్టి పిలవడానికి వస్తున్నాం" అన్నారు. ఆవిడ అంత సంతోషంగా ఉంటే చావు మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. "అలాగేనండీ" అనేశాను.

సాయంత్రం వాళ్ళు కుంకుమభరిణె, శుభలేఖలతో వచ్చి, దండ వేసిన ఫోటో, ముందు దీపం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఆ పూట మిగతా పిలుపులన్నీ మానుకుని, ఇంటికెళ్ళి తలస్నానాలు చేసి, మర్నాడు మళ్ళీ బయల్దేరారట. నా మొహమాటం వాళ్ళకి ఒక రోజు దండగ చేసింది.

మా పెద్దాడపడుచు అప్పుడు చెప్పింది: "చావు కబురు చెప్పక్కర్లేదే. 'మాకు మైల వచ్చింది' అంటే చాలు. అదీ వాళ్ళు గడప దాటకముందే చెప్పాలి." నిజమే. "చాలా సంతోషం వదినగారూ. కాకపోతే మాకు మైల. శుభలేఖ వాట్సాప్‌లో పంపండి, పిలిచినట్టే అనుకుంటాం" అంటే సరిపోయేది. ఎవరు, ఎలా పోయారన్నది వాళ్ళు అడిగితేనే చెప్పాలి. ఈ మాట ఆఫీసు గ్రూపులో పెట్టకూడదు. పెళ్ళి పనులు మొదలైన ఇంట్లో అయితే పెళ్ళికూతురి తల్లికి కాకుండా, ఆ ఇంటి పెద్దల్లో ఒకరికి నెమ్మదిగా చెప్పాలి.

పది రోజుల మైల తీరి, పన్నెండో రోజు దాటాక మాకు ఏటిసూతకం మిగిలింది. కర్మ చేసిన కొడుకుగా మా వారికీ, ఆయనతోపాటు నాకూ సంవత్సరీకం అయ్యేదాకా శుభకార్యాలు లేవు. మరిదిగారింటికి మా ఇంట్లో ఆ పట్టింపు లేదు. ఒక్కో ఇంటిది ఒక్కో ఆనవాయితీ. అందుకే "మేం రాలేం" అని ఊరుకోకుండా "మేమిద్దరం రాలేం, మా మరిదిగారు వస్తారు" అని చెబితే భోజనాల లెక్క చూసుకునేవాళ్ళకి తెలుస్తుంది. సంక్రాంతికి బొమ్మల కొలువు పేరంటానికి పిలిస్తే "ఈ ఏడు మాకు పండగల్లేవండీ" అంటే ఇంకో ప్రశ్న ఉండదు.

ఒక్కచోట మాత్రం మెత్తగా దాటవేయకూడదు. పిలిచేవాళ్ళు మన జ్ఞాతులైతే ఆ మైల వాళ్ళకీ ఉంటుంది. ఇంటిపెద్దకి వెంటనే చెప్పాలి. ముహూర్తం సంగతి వాళ్ళు పురోహితుణ్ణి అడిగి తేల్చుకుంటారు.

ఆ పెళ్ళికి చదివింపులు మరిదిగారి చేత పంపాం. సంవత్సరీకం అయ్యాక కొత్త దంపతుల్ని భోజనానికి పిలిచి బట్టలు పెట్టాం. పిల్ల తల్లి నవ్వుతూ అంది: "ఆ రోజు ఫోనులో ఒక్క మాట చెబితే మేమేమైనా అనుకునేవాళ్ళమా వదినగారూ?"