మూడు టారో కార్డులు, ఒక ప్రేమ ప్రశ్న

టారో నేర్చుకుందామని కార్డులు కొన్నవాళ్లు చాలామంది ఆగిపోయేది ఒక్కచోటే. పెట్టెలో 78 కార్డులుంటాయి. వాటితో వచ్చే చిన్న పుస్తకంలో ఒక్కో కార్డుకు నాలుగైదు అర్థాలుంటాయి, కార్డు తలకిందులుగా పడితే మరో నాలుగు. ఇదంతా కంఠతా పట్టాలేమోనని భయపడి పెట్టె మూసేస్తారు. అంత అవసరం లేదు. మొదటి ప్రేమ స్ప్రెడ్ చదవడానికి పద్దెనిమిది మాటలు చాలు.

ముందు పేక నిర్మాణం చూడండి. 78లో 22 కార్డులు పెద్దవి, వాటిని మేజర్ ఆర్కానా అంటారు. మిగిలిన 56 చిన్నవి. మనం ఆడే పేకలో ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమన్ ఉన్నట్టే ఇక్కడా నాలుగు రకాలు. ఒక్కో రకంలో ఒకటి నుంచి పది వరకు అంకెలు, ఆపైన నలుగురు మనుషులు. ఆట పేకలో జాకీ, రాణి, రాజు ముగ్గురే. ఇక్కడ పేజ్, నైట్, క్వీన్, కింగ్. నాలుగు రకాలకు నాలుగు మాటలు, పది అంకెలకు పది, నలుగురు మనుషులకు నాలుగు. పద్దెనిమిది మాటలతో 56 కార్డులూ చేతికొస్తాయి.

రకం చెప్పేది విషయం గురించి. కప్స్ అంటే మనసు, అనుబంధం. వాండ్స్ అంటే కోరిక, చొరవ. స్వోర్డ్స్ అంటే ఆలోచన, మాట. పెంటకిల్స్ అంటే డబ్బు, పని, ఇల్లు. అంకె చెప్పేది ఆ విషయం ఏ దశలో ఉందో. ఒకటి మొదలు, రెండు ఎదురెదురు, మూడు పెరుగుదల, నాలుగు నిలకడ, అయిదు గొడవ, ఆరు ఇచ్చిపుచ్చుకోవడం, ఏడు బేరీజు, ఎనిమిది శ్రమ, తొమ్మిది దాదాపు పూర్తి, పది ముగింపు. ఇక మనుషుల్లో పేజ్ నేర్చుకుంటున్నవాడు, నైట్ కదిలేవాడు, క్వీన్ లోపల పట్టి ఉంచేది, కింగ్ బయట నడిపించేవాడు. వేర్వేరు పుస్తకాల్లో ఈ మాటలు కొంచెం మారతాయి. ఒక వరస ఎంచుకుని దానికే కట్టుబడండి.

ఈ మాటలకు తోడు బొమ్మలున్నాయి. ఇవాళ ఎక్కువమంది వాడే పేక 1909లో లండన్‌లో వచ్చింది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ దాన్ని రూపొందిస్తే, బొమ్మలు గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్. అంతకుముందు చాలా పేకల్లో ఆరు కప్పుల కార్డు మీద ఆరు కప్పులే కనిపించేవి. స్మిత్ అంకెల కార్డుల్లోనూ మనుషుల్ని, సన్నివేశాల్ని పెట్టింది. కొత్తవాళ్లు ఇవాళ పుస్తకం లేకుండా కార్డు చదవగలుగుతున్నారంటే ఆ ఘనత ఎక్కువగా ఆమెదే. అందుకే మొదటి పేకగా ఇదే కొనమని చెబుతాను.

ఇప్పుడు ఒక ప్రశ్న తీసుకుందాం. ఏడాదిగా ప్రేమలో ఉన్న ఒక అమ్మాయి ఉందనుకోండి. అబ్బాయి కొత్త ఉద్యోగం కోసం వేరే ఊరు వెళ్లాడు. ఫోన్లు తగ్గాయి. ఆమె మనసులో ఉన్న ప్రశ్న ‘అతనికి నేనంటే ఇష్టమేనా?’ అని. కార్డులకు ఈ ప్రశ్న పనికిరాదు, ఎందుకంటే అవునో కాదో మూడు బొమ్మలు చెప్పలేవు. ‘మా మధ్య ఇప్పుడు ఏం జరుగుతోంది?’ అని మార్చాలి. కార్డులు కలిపి మూడు తీసి, ఎడమ నుంచి కుడికి పెట్టాలి. మొదటిది నేను, రెండోది అతను, మూడోది మా ఇద్దరి మధ్య ఉన్నది. ఈ స్థానాలు కార్డులు తీయకముందే కాగితం మీద రాసుకోవాలి. తలకిందులుగా పడినదాన్ని తిన్నగా తిప్పేయండి. ఆ అర్థాలు తర్వాత చూసుకోవచ్చు.

ఫోర్ ఆఫ్ కప్స్, ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్, టూ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చాయి.

మొదటి కార్డులో మనసు, నిలకడ. రెండూ మంచి మాటలే, కలిపితే మాత్రం కదలని మనసు. బొమ్మ చూడండి. చెట్టు కింద ఒకడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా మూడు కప్పులున్నాయి. మబ్బులోంచి ఒక చెయ్యి నాలుగోది అందిస్తోంది. అతను అటు చూడటం లేదు. ఇది ఆమె స్థానంలో పడింది కాబట్టి ‘అందుతున్నదాన్ని నేను గమనించడం లేదేమో’ అని చదవాలి. రెండో కార్డులో పని, శ్రమ. ఒక పనివాడు బల్ల మీద కూర్చుని ఉలితో నాణెం చెక్కుతున్నాడు, ఊరు ఎక్కడో దూరంగా ఉంది. అతని ధ్యాసంతా పని మీదే ఉన్నట్టుంది. మూడోదానిలో మాట, ఎదురెదురు. కళ్లకు గంతలు కట్టుకున్న స్త్రీ రెండు కత్తులు గుండెకు అడ్డంగా పట్టుకుంది. చెప్పాల్సిన మాట ఇద్దరి దగ్గరా ఆగిపోయింది.

ఇక్కడితో వదిలేస్తే మూడు విడి వాక్యాలే మిగులుతాయి. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. మూడింటినీ కలిపి ఒకే వాక్యంగా రాయాలి: ‘అతను పనిలో మునిగాడు, నేను అలిగి కూర్చుని అతని నుంచి వస్తున్న కాస్తా చూడటం లేదు, ఇద్దరం అడగాల్సింది అడగడం లేదు.’ తర్వాత ఏది రాలేదో చూడండి. వాండ్స్ ఒక్కటీ లేదు, అంటే చొరవ ఎవరూ తీసుకోవడం లేదు. ఆమె చేయగలిగిన పని ఇందులోంచే తేలుతుంది.

స్థానం అర్థాన్ని ఎంత మారుస్తుందో కూడా గమనించండి. అదే ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ మూడో స్థానంలో పడితే ధ్యాస పని మీదకు పోయిందని కాదు, ఈ బంధానికే రోజూ కొంత శ్రమ కావాలని.

పెద్ద కార్డు వస్తే అంకె సూత్రం వదిలేసి, ఒక్క మాట, బొమ్మ చాలనుకోండి. డెత్ కార్డు చూసి కంగారుపడొద్దు. తెల్ల గుర్రం మీద అస్థిపంజరం వెనక రెండు బురుజుల మధ్య సూర్యుడు కనిపిస్తాడు. దాని మాట ‘ఒక దశ అయిపోవడం’. లవర్స్ కార్డు చూసి పెళ్లి ఖాయమనీ అనుకోవద్దు. పాత మార్సే పేకలో ఆ కార్డు మీద ఒక యువకుడు ఇద్దరు స్త్రీల మధ్య నిలబడి ఉంటాడు. అందుకే దాని మాట ‘ఎంపిక’.

మీ పఠనం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులందరికీ ఒకే వ్యక్తిత్వ వివరణ ఇచ్చి, ఎవరికి వారిది ప్రత్యేకమని చెప్పాడు. సరిపోయిందా అని అడిగితే అయిదుకు సగటున నాలుగు దాటి మార్కులు వేశారు. ఎవరికైనా అతికే మాట మనకే చెప్పినట్టుంటుంది. కాబట్టి మీరు రాసిన వాక్యం పక్కింటివాళ్లకూ సరిపోతుందా అని చూడండి. సరిపోతే మళ్లీ బొమ్మ చూసి, మీ సంగతిలోని ఒక వివరం చేర్చి తిరగరాయండి.

నచ్చలేదని అదే ప్రశ్నకు వెంటనే మళ్లీ కార్డులు తీయడం మొదలుపెడితే, కావలసిన జవాబు వచ్చేదాకా తీస్తూనే ఉంటారు. తేదీ వేసి వాక్యం రాసి పక్కన పెట్టండి. కార్డులు భవిష్యత్తు చెబుతాయనడానికి రుజువు లేదు, అవతలి మనిషి మనసు వాటికి తెలియదు. మీ ఆలోచనను ఒక వరసలో పెట్టడం వరకే వాటి పని. ‘అతను ఫలానా నెలలో తిరిగొస్తాడు, పూజకు ఇంతవుతుంది’ అని ఎవరైనా కార్డులు చూపించి అడిగితే, దయచేసి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.